నీలమ్మ రాసిన నలభై ఆరుగురు

నీలమ్మ పోయిన పదకొండో రోజున ఉపాధ్యాయ సంఘం వాళ్లు సంతాప సభ పెట్టారు. మైకు పట్టుకున్న ఐదుగురిలో నలుగురు ఆమెను ఎన్నడూ చూసినవాళ్లు కారు. ఐదో ఆయన చూశాడు గానీ, నిజాంపేట బడిలో పనిచేసిన వేరే ఆవిడ అనుకుని, ఆమె పాటలు ఎంత బాగా పాడేదో పావుగంట చెప్పాడు. నీలమ్మ గొంతు విప్పితే మా ఇంటి బర్రె కూడా మొహం తిప్పుకునేది. "త్యాగమూర్తి" అన్నారు, "కొవ్వొత్తి" అన్నారు. త్యాగం అనే మాట ఆమె ముందు ఎవరైనా అంటే చేతిలో చీపురు ఉందా లేదా అని చూసుకుని అనాలి. నేను ఆమె భర్తను. ముందు వరసలో కూర్చుని, ఇచ్చిన టీ తాగి, ఇంటికి వచ్చాను.

వాళ్లు చెప్పనిది ఒకటి ఉంది. అది చెప్పడానికి మైకు అక్కర్లేదు.

పందొమ్మిది వందల డెబ్భై నాలుగు ఏప్రిల్‌లో నీలమ్మకు బదిలీ ఆర్డరు వచ్చింది. అప్పటికి ఆమె రాళ్లగూడెం ప్రాథమిక పాఠశాలలో ఆరేళ్లుగా పనిచేస్తోంది. మేముండేది మూసాపేటలో. ఆమె పొద్దున్నే రైలు పట్టాలు దాటి, బోరబండ మీదుగా గుట్టల్లో పడి గంట నడిచేది. రాళ్లగూడెమంటే నలభై ఇళ్లు, మూడు రాళ్ల క్వారీలు, ఒక కల్లు దుకాణం, ఒక బడి. బడికి ఒక గది, ఒక వరండా. గదిలో ఒకటి, రెండు, మూడు తరగతులు నీలమ్మవి. వరండాలో నాలుగు, ఐదు తరగతులు పెద్దసారు నరసింహమూర్తివి.

నరసింహమూర్తి చెడ్డవాడని నేను అనను. చెడ్డతనానికి కొంత శ్రమ కావాలి. ఆయన పదిన్నరకు వచ్చి, చెప్పులు విడిచి, హాజరు పట్టీలో అందరికీ గీతలు గీసి, కుర్చీలో కాళ్లు మడుచుకుని కూర్చునేవాడు. పిల్లలు ఎక్కాలు చదువుతుంటే ఆ లయకు నిద్రపోయేవాడు. లయ తప్పితే లేచి కొట్టేవాడు. ఆయనకు తెలిసిన విద్యాబోధన అంతే. దానికి ఆయన దగ్గర చింతబరికె ఒకటి ఉండేది. బడి సొత్తులో దానంత శ్రద్ధగా చూసుకున్న వస్తువు మరొకటి లేదు.

ఆ బరికె దెబ్బలు ఎక్కువగా తిన్నవాడు పోచయ్య. రాళ్లు కొట్టే చంద్రమ్మ కొడుకు. బడిలో చేరిన ఏడు నీలమ్మ రెండు నెలలు శిక్షణకు పోతే, నరసింహమూర్తి గదిని కూడా చూశాడు. పిలిస్తే పోచయ్య పలికేవాడు కాదు. మొండివాడని కొట్టాడు. కొట్టినా పలకలేదు, కాబట్టి మరీ మొండివాడని ఇంకా కొట్టాడు. నీలమ్మ తిరిగి వచ్చేసరికి వాడు క్వారీలో కంకర ఏరుతున్నాడు.

ఆమె క్వారీకి పోయింది. తల్లి పిలిచినప్పుడల్లా వాడు తల ఒకే వైపు తిప్పి వినడం చూసింది. మర్నాడు నా చేతి గడియారం అడిగి తీసుకుపోయింది. వాడి వెనక నిలబడి కుడి చెవి దగ్గర పెడితే "టిక్కు టిక్కు" అన్నాడు. ఎడమ చెవి దగ్గర పెడితే ఏమీ అనలేదు. దవాఖానకు తీసుకుపోతే, చీము కారి కారి చెవిలో పొరకు చిల్లు పడిందని, ఆ వైపు వినికిడి ఇక రాదని డాక్టరు చెప్పాడు. వాడి తండ్రి మాత్రం ఒకటే మాట చెప్పి బడికి పంపాడు. "ఇంకొక్క దెబ్బ పడ్డదంటే బడి బంద్, టీచరమ్మా. రాళ్లు కొడితె అన్నమన్న దొర్కుతది."

ఏడాదిన్నరలో పోచయ్య లెక్కల్లో బడికంతా ముందున్నాడు. ఇప్పుడు బదిలీ. జూన్‌లో వచ్చే టీచరు ఎవరో తెలియదు. వచ్చినావిడో ఆయనో నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడుతూ వాడిని పిలుస్తారు. వాడు పలకడు. వరండాలోంచి బరికె వస్తుంది. నీలమ్మకు ఆ నెలంతా మనసులో మెదిలింది అదే.

బదిలీ అయిన టీచరు ఛార్జి లిస్టు రాసి ఇవ్వాలి. మూడు ప్రతులు. ఒకటి వచ్చే టీచరుకు, ఒకటి బడిలో ఇనప్పెట్టెకు, ఒకటి పంచాయతీ సమితి ఆఫీసుకు. కుర్చీ ఒకటి, ఎడమ చేయి విరిగినది. నల్లబల్ల ఒకటి, రంగు పోయినది. గంట ఒకటి, పగులు లేదు. భారతదేశ పటము ఒకటి, కింది అంచు ఎలుకలు కొట్టినది. సర్కారు తన వస్తువుల విషయంలో ఎంత దయగలదో ఆ లిస్టు చూస్తే తెలుస్తుంది. కుర్చీకి ఏ చేయి విరిగిందో రాయకపోతే సంజాయిషీ అడుగుతారు. పిల్లవాడికి ఏ చెవి వినబడదో రాయడానికి మాత్రం గడి లేదు.

నీలమ్మ గడి గీసింది. లిస్టు వెనక "విద్యార్థుల వివరము" అని అయిదు పేజీలు చేర్చింది. ఒక్కో పిల్లవాడికి మూడు సంగతులు: ఏం వచ్చు, ఏం కావాలి, ఏం చేస్తే పని జరుగుతుంది. నా దస్తూరి గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూడు ప్రతులూ నేనే రాశాను. ఆ కాగితాలు ఇప్పుడు ఎక్కడా లేవు. చాలా భాగం నాకు నోటికి వచ్చు.

"పోచయ్య. ఎడమ చెవి వినపడదు. పలకకపోతే మొండితనం కాదు. ఎడమ చెవి గోడకు, కుడి చెవి మీకు ఉండేటట్టు కూర్చోబెట్టాలి. ముఖం కనపడేలా మాట్లాడాలి. బల్ల వైపు తిరిగి చెప్పింది వాడికి చేరదు. కూడికలు, తీసివేతలు నోటితో చేస్తాడు. వాడి చేత మిగతావాళ్లకు చెప్పించవచ్చు."

"కిష్టమ్మ. చంటి తమ్ముణ్ణి ఎత్తుకుని వస్తుంది. తమ్ముణ్ణి వద్దంటే ఆమె కూడా రాదు. మూలన గోనెపట్టా వేస్తే వాడు పదకొండింటి దాకా పడుకుంటాడు. చదువు ఆ లోపలే చెప్పాలి."

"రామన్న. మొదటి పాఠం గడగడ చదువుతాడు. పుస్తకం తలకిందులుగా ఇచ్చినా అలాగే చదువుతాడు. అది కంఠస్థం, చదువు కాదు. మెచ్చుకోవద్దు. అక్షరాలు చీటీల మీద విడివిడిగా రాసి, కలిపి చూపితే ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. పదకొండు అక్షరాలు గట్టిగా వచ్చు."

ఇలా ముప్పై ఒక్కమంది.

నరసింహమూర్తి సంతకం లేకపోతే అది లిస్టులో భాగం కాదు. ఊరికే బడిలో పెట్టి వచ్చిన కాగితానికి పట్టే గతి ఆమెకు తెలుసు. బడి వెనక మిరపకాయ బజ్జీలు వేసే పోచమ్మ దుకాణంలో పాత ప్రశ్నపత్రాలన్నీ ఉండేవి. ఇనప్పెట్టెలోది మాత్రం కొత్త టీచరు ముందు తెరిచి, చదివి, సంతకం పెట్టించుకోవాలి. అందుకని సంతకానికి పోయింది. ఒంటిపూట బళ్లు. పన్నెండింటికి పిల్లలు వెళ్లాక పెట్టింది ఆయన ముందు. ఆ సాయంత్రం నాకు మొత్తం ఆయన గొంతుతోనే వినిపించింది.

"ఏంది నీలమ్మా గిది? పిల్లలేమన్న కుర్చీలా, లిస్టు రాయనీకి?"

"కుర్చీలకైతే రాస్తున్నం గద సారూ. పిల్లలు గంతకన్న తక్కువనా?"

ఆయన పేజీలు తిప్పి ఆఖరి నంబరు చూశాడు. ముఖం మారింది.

"రిజిస్టర్ల నలభై ఆరు. నీ కాగితంల ముప్పై ఒకటి. తక్కిన పదిహేనుమంది ఎటు పోయిండ్రు?"

"నేను సుత గదే అడుగుదామనుకున్న సారూ. ఆరేండ్ల నుంచి ఎదురుచూస్తున్న. ఒక్కనాడన్న కండ్లవడకపాయె."

ఆ పదిహేనుమంది నరసింహమూర్తి కన్న పిల్లలు. అంటే కలంతో కన్నవాళ్లు. గదిలో నలభై దాటితేనే రెండో టీచరు పోస్టు నిలుస్తుంది. మధ్యాహ్నం పెట్టే గోధుమరవ్వ ఉప్మా, పాలపొడి కూడా తలల లెక్కనే వస్తాయి. ఆ పదిహేనుమంది వంతు పాలపొడి ఆయన ఇంట్లో తోడు పడి పెరుగయ్యేది. హాజరు పట్టీ నీలమ్మ పేరు మీద ఉన్నా గీతలు ఆయనే గీసేవాడు. ఆమె గీయనని మొదటి ఏడే చెప్పింది. ఆ మాత్రానికే తాను మహా ధర్మం చేశానని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆరేళ్లు చూస్తూ ఊరుకున్నదీ తానేనని అనేది.

"గీ కాగితం మీద నా సంతకమైతే రేపు ఎవడన్న ఇనిస్పెక్టరు లెక్కవెడ్తడు," అన్నాడు నరసింహమూర్తి. "చింపేయి. లేకుంటె నలభై ఆరు చెయ్యి. పదిహేను పేర్లు కలుపు, నాలుగు మంచి మాటలు రాయి, సంతకం వెడ్త. నీకేం పోతది? సిరానే గద."

"లేని పిల్లల గురించి ఏం రాయాలె సారూ?"

"ఉన్నోళ్ల గురించి గింత రాసినవ్. లేనోళ్ల గురించి రాయ రాదా?"

ఆమె ఇంటికి వచ్చి అన్నం తినలేదు. మూడు రోజుల్లో రిలీవ్ కావాలి. చింపితే పోచయ్య గురించి చెప్పేవాళ్లు లేరు. కలిపితే ఆరేళ్లు గీయని గీతలు ఇప్పుడు ఒక్కసారే గీసినట్టు. నేను గుమాస్తాను. జీవితమంతా లేనివాటి మీద ఫైళ్లు నడిపినవాణ్ణి. "రాసెయ్, ఎవరు చదువుతరు?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "నిజంగ ఎవ్వరు చదువరా?"

"సర్కారు కాగితంల మొదటి లైను, ఆఖరి నంబరు చూస్తరు. నడుమల నా పెండ్లి పత్రిక వెట్టినా సంతకమైతది."

"గట్లయితె రాసుకోండ్రి," అంది. మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం ఎండలో, మా దర్వాజ దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని, కళ్లు మూసుకుని చెప్పింది. నేను రాశాను. నాకు నవ్వాగక రెండు కాగితాలు పాడయ్యాయి. ఆమె ఒక్కసారీ నవ్వలేదు.

"బాలయ్య. సంవత్సరంలో ఒక్క రోజూ మానలేదు. వానకు కప్పు కారి బడి మూసిన రోజు కూడా హాజరయ్యాడు. ఏం వచ్చు: ఉప్మా తినడం. ఏం కావాలి: ఏమీ అక్కర్లేదు, పలక కూడా అడగడు."

"అనసూయ. మూడేళ్లుగా ఏడేళ్ల వయసులోనే నిలకడగా ఉంది. చాలా నెమ్మదస్తురాలు. ఎదురుగా కూర్చున్నా కనపడదు."

"మల్లేశం. ఇతనికి పాలంటే ఇష్టం. ఇంటి దగ్గర పెరుగు కూడా ఇష్టం. ఇతని విషయం ప్రధానోపాధ్యాయులకు బాగా తెలుసు, వారినే అడగాలి."

పదిహేనుమందికీ ఇలాగే. అసలు పిల్లల మధ్య, రిజిస్టరు నంబర్ల వరసలోనే పెట్టించింది. నలభై ఆరో నంబరు బుచ్చమ్మ, నిజమైన పిల్లే: "ఎడమ చేత్తో రాస్తుంది. రాయనివ్వాలి. చేయి మార్పిస్తే రాయడమే మానేస్తుంది."

మూడో రోజు నరసింహమూర్తి మొదటి పేజీ మొదటి లైను చూశాడు. ఆఖరి పేజీ ఆఖరి నంబరు చూశాడు. "గిదీ పద్ధతి. ముందే జేస్తె అయిపోవు గద," అని మూడు ప్రతుల మీదా, పేజీ పేజీకీ సంతకం పెట్టి, కింద బడి ముద్ర కొట్టాడు. సమితి ఆఫీసులో గుమాస్తా నలభై ఆరు అనే అంకె మీద ఎర్ర సిరాతో ఒక టిక్కు పెట్టి ఫైల్లో కుట్టేశాడట. ఇంతకంటే క్షుణ్ణంగా పిల్లల్ని పరిశీలించిన అధికారి ఆ సమితిలో లేడు.

జూన్ ఆఖరి ఆదివారం ఒకావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. గుడివాడ వైపు మనిషి, పేరు పుణ్యవతి. భర్తకు సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం. రాళ్లగూడెంలో నీలమ్మ తరువాత వచ్చిన టీచరు ఆవిడే. చంకలో కాగితాల కట్ట.

"నీలమ్మగారంటే మీరేనాండీ? ఒక్క సంగతి అడిగి పోతానండి. ఈ బాలయ్యకి ఒంట్లో బాగాలేదాండీ? ఇంతవరకూ ఒక్క రోజూ మాననివాడు రెండు వారాలైనా రాలేదు. ఇల్లు అడిగితే ఊళ్లో ఎవరికీ తెలీదంటున్నారు."

నేను లోపలికి పోయాను. ముఖం దాచుకోవడానికి. నీలమ్మ ఆవిడను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

"అమ్మా, మల్లేశం గురించి చదివినవా?"

"చదివానండి. పెద్దసారుని అడగమన్నారుగా. అడిగితే ఆయన గొంతులో ముద్ద అడ్డం పడినట్టు దగ్గారండి."

పుణ్యవతి గ్లాసు కింద పెట్టింది. కాగితాలు మళ్లీ తిప్పింది. నాలుగు పేజీలు చూసేసరికి అర్థమైంది. అనసూయ దగ్గర నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఒక్కసారిగా ముఖం బిగించింది.

"ఇది ఆయన సంతకమే కదండీ? ప్రతి పేజీ మీదా ఉంది. రేపే ఇనస్పెక్టరుగారికి చూపిస్తానండి."

"చూపితె ఏమైతదో తెల్సా?" అంది నీలమ్మ. "పదిహేను పేర్లు కొట్టేస్తరు. లెక్క నలభైకి తక్కువైతది. నీ పోస్టు పోతది. గదిల మల్ల గాయనే కూసుంటడు, బరికె వట్టుకొని. ఆయనకు శిక్ష వడేది ఎన్నడో. పోచయ్య వీపు మీద వడేది మాత్రం తెల్లారే."

పుణ్యవతి కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"అబద్ధం పిల్లలు పదిహేనుమంది ఆ గదిల ఉంటెనే, నిజం పిల్లలకు టీచరు ఉంటది. గిదీ మన సర్కారు లెక్క. నాకు సిగ్గయితది చెప్పనీకి. కాగితం నీ పెట్టెల దాచు. ఆయనకొక్కనికే చూపు. ఇంకెవ్వరికి వద్దు. జూలై దాక చేర్చుకోవచ్చు. క్వారీలల్ల పోరగాండ్లను ఏరుకొచ్చుకో, ఒక్కొక్క నిజం పిల్లకు ఒక్కొక్క అబద్ధం పేరు కొట్టేయి."

ఆవిడ మళ్లీ ఆగస్టులో వచ్చింది. ఈసారి మల్లెపూలు తెచ్చింది. జరిగింది చెప్పింది. ఒక రోజు ఆమె బయటికి పోయి వచ్చేసరికి నరసింహమూర్తి గదిలో ఉన్నాడట, బరికెతో. పోచయ్యను లేవమన్నాడు. వాడు కిటికీ వైపు చూస్తున్నాడు. బరికె లేచింది. పుణ్యవతి మధ్యకు వెళ్లి, పెట్టెలోంచి కాగితాలు తీసి, పెద్దసారు చేతిలో పెట్టి, "మీరు సంతకం చేసినవేనండి, ఒకసారి చదవండి" అందట.

ఆయన నిలబడి చదివాడు. ఉద్యోగంలో చేరాక ఒక కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవడం ఆయనకు అదే మొదటిసారి అయి ఉంటుంది. బాలయ్య దగ్గర ఆగాడు. మల్లేశం దగ్గర చాలాసేపు ఆగాడు. పిల్లలు ఎక్కాలు కూడా మానేసి చూస్తున్నారు.

"నా బడిల గింత మంచి పిల్లలున్నరని నాకే తెల్వకపాయె," అని, కాగితాలు మడిచి తిరిగి ఆవిడకే ఇచ్చి, వరండాలోకి పోయి కూర్చున్నాడట. బరికె మళ్లీ గది గడప దాటలేదు. ఆయన మారిపోయాడని ఎవరూ అనుకోవద్దు. వరండాలో అది మామూలుగానే పనిచేసింది. అక్కడి పిల్లల గురించి ఎవరూ రాయలేదు కదా.

"తొమ్మిదిమందిని చేర్చానండి," అంది పుణ్యవతి. "తొమ్మిది పేర్లు కొట్టించాను. బాలయ్య కూడా పోయాడండి, పాపం, ఒక్క రోజూ మానని పిల్లాడు."

నీలమ్మ అప్పుడు కూడా నవ్వలేదు. "పోచయ్య గోడ పక్కనే కూసుంటుండా?" అని అడిగింది.

"లేదండీ. అక్కడ మీరు రాసింది తప్పండి."

నీలమ్మ తల ఎత్తింది. పదహారేళ్ల నౌకరీలో ఇనస్పెక్టర్లు ఎంతమంది తప్పులు పట్టినా ఆమె ఒక్కటీ ఒప్పుకోలేదు.

"మొదటి వారం గోడ దగ్గరే కూర్చోబెట్టానండి. కానీ నాకు మూడు తరగతులు కదా, గదంతా తిరుగుతూ చెబుతాను. వాడు కూర్చోడండి. నేను మూడో తరగతి వైపు పోతే లేచి అటొచ్చి, కుడి చెవి నా వైపు పెట్టుకుని కూర్చుంటాడు. ఒకటో తరగతి వైపు పోతే పలకెత్తుకుని ఇటొస్తాడు. ముందు అల్లరి అనుకున్నాను. తరువాత మీ కాగితం గుర్తొచ్చింది. ఇప్పుడు వాడి గొడవ నాకు లేదండి, వాడే చూసుకుంటున్నాడు."

నీలమ్మ లేచి లోపలికి పోయింది. ఆమె ఉంచుకున్న చిత్తుప్రతి బియ్యం డబ్బా మీద ఉండేది. తెచ్చి, పోచయ్య పేరున్న పేజీ తీసి, పెన్సిలుతో "గోడ" అన్న మాట కొట్టేసింది. పక్కన ఖాళీలో రాసింది: "తానే చోటు మార్చుకుంటాడు. ఆపవద్దు."

కింద తేదీ వేసి, పుణ్యవతి చేతికి పెన్సిలిచ్చి, సంతకం పెట్టమంది.